‘నాకు వర్తిస్తుందా?’: ఒక వర్క్ ఫ్రమ్ హోమ్ పాలసీని రెండుసార్లు ప్రకటించిన కేసు

మా సంస్థలో 320 మంది పనిచేస్తారు. అకౌంట్స్, డిజైన్, సాఫ్ట్‌వేర్, కస్టమర్ కాల్స్, డిస్పాచ్, ఫ్రంట్ డెస్క్, అన్నీ ఒకే భవనంలో ఉంటాయి. వారానికి రెండు రోజుల దాకా ఇంటి నుంచి పనిచేసే పాలసీ తేవాలని యాజమాన్యం నిర్ణయించాక, దాన్ని రాసి ప్రకటించే బాధ్యత హెచ్ఆర్ తరఫున నాకు అప్పగించారు. రాయడానికి మూడు నెలలు తీసుకున్నాను. ప్రకటించడానికి మాత్రం ఒక సాయంత్రమే ఇచ్చాను. తేడా అక్కడే వచ్చింది.

ఒక శుక్రవారం సాయంత్రం 5:40కి అందరికీ మెయిల్ పంపాం, దానికి నాలుగు పేజీల పీడీఎఫ్ జత చేశాం. సోమవారం మధ్యాహ్నానికి హెచ్ఆర్ మెయిల్‌కు 96 ప్రశ్నలు వచ్చాయి. అన్నింటినీ ప్రింట్ తీసి టేబుల్ మీద కుప్పలుగా వేరు చేశాను. అనుమతి ఎవరిస్తారు, ఎన్నాళ్లు పడుతుంది అన్నవి 19. లాప్‌టాప్, మానిటర్, నెట్ బిల్లు గురించి 14. ఇతరత్రా ఐదు. మిగిలిన 58 మందీ అడిగింది ఒకటే మాట: ‘ఇది నాకు వర్తిస్తుందా?’

నాలుగు పేజీలు చదివాక కూడా 58 మందికి ఆ సంగతి తెలియలేదంటే తప్పు చదివినవాళ్లది కాదు. మెయిల్‌లో అర్హత గురించి నేను రాసిన వాక్యం ఇది: ‘పని స్వభావం అనుమతించే ఉద్యోగులు, తమ మేనేజర్ ఆమోదానికి లోబడి, వారానికి రెండు రోజుల వరకు ఇంటి నుంచి పనిచేయవచ్చు.’ రాసినప్పుడు జాగ్రత్తగా రాశాననే అనుకున్నాను. కానీ పని స్వభావం అనుమతిస్తుందో లేదో ఎవరు చెప్పాలో అందులో లేదు. ఆమోదానికి లోబడి అన్నాను గానీ, మేనేజర్ దేన్ని చూసి ఆమోదించాలో చెప్పలేదు. ‘వరకు’ అంటే రెండు రోజులు నా హక్కా, మేనేజర్ దయా? ఆ ఒక్క వాక్యంలో మూడు నిర్ణయాలు తీసుకోకుండా వదిలేశాను. అవి ఒక్కో మేనేజర్ చేతిలో ఒక్కో రకంగా తేలాయి.

ఎలా తేలాయో చెబుతాను. మా దగ్గర డిజైన్ టీమ్‌లు రెండున్నాయి. పని ఒకటే, హోదాలూ ఒకటే. మొదటి టీమ్ మేనేజర్ శనివారం ఉదయమే గ్రూపులో ‘మీకు వీలైన రెండు రోజులు తీసుకోండి’ అని రాసేశారు. రెండో టీమ్ మేనేజర్ ‘నాకే ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు, ప్రస్తుతానికి ఎవరికీ లేదు’ అన్నారు. ఆయన అన్నది నిజం. మేనేజర్లకు కూడా ఆ మెయిల్ అందరితో పాటే చేరింది. సోమవారం మధ్యాహ్నం ఆ రెండు టీమ్‌ల వాళ్లూ క్యాంటీన్‌లో ఒకే టేబుల్ దగ్గర కూర్చుని విషయం పోల్చి చూసుకున్నారు.

ఆ రోజు సాయంత్రమే డిస్పాచ్‌లో పనిచేసే ఒకావిడ నా గదికి వచ్చారు. చేతిలో నాలుగు పేజీల ప్రింటు ఉంది. ‘రెండుసార్లు చదివాను మేడమ్, మా డిపార్ట్‌మెంట్ పేరు ఇందులో ఎక్కడుంది?’ అని అడిగారు. ఎక్కడా లేదు. డిస్పాచ్‌కు ఈ పాలసీ వర్తించదని మేం లోపల అనుకున్నాం తప్ప ఎక్కడా రాయలేదు. వర్తించదని తెలిసి ఆవిడ బాధపడలేదు. ‘లేదని ఒక్క మాట రాసుంటే సరిపోయేది కదా’ అన్నారు. ఆ మాట తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. అర్హత లేనివాళ్లకు కూడా ప్రకటనలో చోటు ఉండాలని నాకు నేర్పింది ఆవిడే.

బుధవారం పాలసీని ఆపాం. ఆపుతూ పంపిన మెయిల్ ఐదు వాక్యాలే: ఎవరికి వర్తిస్తుందో మేం స్పష్టంగా రాయలేదు, మేనేజర్లకు ముందుగా చెప్పలేదు, అందుకని మూడు వారాలు ఆపుతున్నాం, ఇప్పటికే ఇంటి నుంచి పని మొదలుపెట్టినవాళ్లు ఈ శుక్రవారం వరకు అలాగే కొనసాగవచ్చు, కొత్త ప్రకటన ఫలానా మంగళవారం వస్తుంది. తేదీ ఇచ్చి ఆపడం వల్ల టెన్షన్ చాలావరకు తగ్గింది. తేదీ లేకుండా ‘పునఃపరిశీలనలో ఉంది’ అని రాసుంటే, పాలసీ రద్దయిందనే అందరూ అనుకునేవారు.

అర్హతను హోదాల నుంచి పనుల్లోకి దించడం

మొదటిసారి అర్హతను హోదాల్లో ఆలోచించాం. సీనియర్లకు ఉంటుందా, ఎగ్జిక్యూటివ్‌లకు ఉంటుందా అని చూశాం. రెండోసారి అది పూర్తిగా పక్కన పెట్టి, ఒక్కో రోల్‌కు వారంలో చేసే పనుల జాబితా రాయించాం. రాసింది మేనేజర్ ఒక్కరే కాదు, ఆ పని చేసేవాళ్లలో ఒకరు పక్కన కూర్చుని రాశారు. జాబితాలోని ప్రతి పనికీ మూడు ప్రశ్నలు వేశాం. ఈ పనికి భవనంలోనే ఉండే వస్తువు, కాగితం లేదా మెషీన్ కావాలా? ఈ సమాచారం భవనం దాటి బయటికి వెళ్లకూడదని క్లయింట్ ఒప్పందంలో గానీ నిబంధనల్లో గానీ ఉందా? ఎదురుగా వచ్చి నిలబడే మనిషికి ఈ పని చేసిపెట్టాలా? మూడింటికీ ‘లేదు’ అని వస్తే ఆ పని ఇంటి నుంచి చేయవచ్చు.

అకౌంట్స్‌లో సప్లయర్ల బిల్లులు చూసే రోల్‌ను ఇక్కడ ఉదాహరణగా చెబుతాను. ‘అకౌంట్స్ అంటే కాగితాలు, వీళ్లకు కుదరదు’ అని మొదట్లో నేనూ అనుకున్నాను. జాబితా రాస్తే పరిస్థితి వేరేగా కనిపించింది. కాగితపు బిల్లులను విప్పి స్కాన్ చేయడం, స్టోర్స్ రసీదుతో సరిపోల్చడం, చెక్కులపై సంతకాలు చేయించడం ఆఫీసులోనే జరగాలి. సిస్టమ్‌లో ఎంట్రీలు వేయడం, సప్లయర్ల మెయిల్స్‌కు జవాబివ్వడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్క సరిచూడడం ఎక్కడి నుంచైనా చేయవచ్చు. కాగితాల పనంతా సోమ, మంగళ, గురువారాల్లోకి సర్దితే మిగతా రెండు రోజులూ ఇంటి నుంచి చేయవచ్చని ఆ పని చేసే ఆయనే లెక్కవేసి చూపించారు. ఒక్క షరతు పెట్టాం: నెలాఖరున 28వ తేదీ నుంచి తర్వాతి నెల 3వ తేదీ దాకా ఖాతాలు మూసే రోజులు కాబట్టి ఆఫీసుకు రావాలి. ఈ షరతును రోల్ పక్కనే రాసిపెట్టాం, మేనేజర్ ఇష్టానికి వదల్లేదు.

ఇలా చూస్తే 320 మందిలో 158 మందికి రెండు రోజులు, 54 మందికి ఒక రోజు కుదిరింది. కస్టమర్ కాల్స్‌లోని 46 మందికి పని ఇంటి నుంచి చేయగలిగినదే, కానీ క్లయింట్ ఒప్పందంలో కాల్స్ మా భవనం నుంచే జరగాలని ఉంది. డిస్పాచ్, ఫ్రంట్ డెస్క్‌లోని 62 మందికి పని స్వభావం వల్లే కుదరదు. ఈ చివరి రెండు గుంపులనూ ఒకే గాటన కట్టకూడదని పట్టుబట్టాను. ఒకటి ఒప్పందం మారితే మారే పరిస్థితి, రెండోది మారదు. ఇద్దరికీ ‘అర్హత లేదు’ అనే ఒకే మాట చెబితే, మొదటివాళ్లకు ఉన్న ఆశను తీసేసినట్టు అవుతుంది, రెండోవాళ్లకు లేని ఆశ కల్పించినట్టు అవుతుంది.

రోల్‌కు అర్హత ఉన్నా, ఆ వ్యక్తికి ఉండాల్సిన షరతులు కొన్ని మిగిలాయి. వాటిని మూడుకు మించనివ్వలేదు: చేరి మూడు నెలలు కావాలి, పనిచేసేటప్పుడు తలుపు వేసుకోగలిగిన చోటు గానీ, కనీసం స్క్రీన్ ఇతరులకు కనబడని చోటు గానీ ఉండాలి, నెట్ సరిపడా ఉండాలి. ఈ రకం షరతులు కొత్తవేం కాదు. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థ కాల్ సెంటర్‌లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన పరీక్షలో కూడా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లకు ఆరు నెలల సర్వీసు, బ్రాడ్‌బ్యాండ్, పనికి విడి గది ఉండాలన్నారు. తొమ్మిది నెలల్లో ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగినట్టు తేలింది. కానీ పరీక్ష ముగిశాక, ఎంచుకోమంటే వాళ్లలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగి వెళ్లారు. దీన్ని బట్టి నేను పాలసీలో ఒక వాక్యం చేర్చాను: ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటును ఉద్యోగి ఎప్పుడైనా, కారణం చెప్పకుండా వదులుకోవచ్చు, సీటు ఉంటుంది.

నెట్ గురించి మొదట ‘మంచి ఇంటర్నెట్ కనెక్షన్’ అని రాశాం. మంచిదంటే ఏంటో ఎవరికీ తెలియదు. ఐటీ వాళ్లతో కూర్చుని డౌన్‌లోడ్ 10, అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ అని పెట్టాం. ఒక మంచి నాణ్యత వీడియో కాల్‌కు రెండు వైపులా మూడు నాలుగు ఎంబీపీఎస్ పడుతుంది. ఇంట్లో ఇంకొకరు కూడా నెట్ వాడతారు కదా. చాలామంది డౌన్‌లోడ్ అంకె చూసి సరే అనుకుంటారు. కాల్‌లో మన మాట తెగిపోతుందంటే తప్పు ఎక్కువగా అప్‌లోడ్‌లో ఉంటుంది. ఇంకో సంగతి, స్పీడ్ టెస్ట్ రాత్రి పదింటికి చేసి పంపితే ఉపయోగం లేదు. ఆఫీసు వేళల్లో, వీపీఎన్ ఆన్‌లో ఉంచి, రెండు వేర్వేరు రోజులు చేసి ఆ రెండు ఫలితాలూ ఫారానికి జత చేయమన్నాం.

ఫారంలోంచి ఒక గడి తీసేశాం

మొదటి ఫారంలో ‘ఇంటి నుంచి పని ఎందుకు కావాలి?’ అని ఒక గడి ఉంది. ఏదో అడగాలి కాబట్టి అడిగాం. ఆపేముందు వచ్చిన దరఖాస్తులు తిరగేస్తే ఆ గడి ఎంత చెరుపు చేస్తుందో అర్థమైంది. ఒకరు అత్తగారి మోకాలి ఆపరేషన్ గురించి రాశారు. ఒకరు పిల్లాడి చదువు గురించి అరపేజీ రాశారు. ఒకబ్బాయి నిజాయితీగా ‘ప్రయాణం తగ్గుతుంది’ అని రాశాడు, వాళ్ల మేనేజర్ దాని పక్కన ‘సరైన కారణం కాదు’ అని రాశారు. మేనేజర్ పనిని చూసి నిర్ణయించాలి, ఎవరింట్లో కష్టం పెద్దదో తూచకూడదు. కారణం అడిగితే మాత్రం తూచక తప్పదు. అందుకే ఆ గడి తీసేసి, ‘ఏ రోజులు ఇంటి నుంచి, ఆ రోజుల్లో ఏ పనులు’ అన్న గడి పెట్టాం. ఈ కేసులో మేం చేసిన మార్పులన్నింటిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే.

అనుమతి మొదట నాలుగు మెట్లుగా ఉండేది: మేనేజర్, డిపార్ట్‌మెంట్ హెడ్, హెచ్ఆర్, ఐటీ. ఒకరి తర్వాత ఒకరు చూడాలి. ఎక్కడ ఆగిందో దరఖాస్తుదారుకు తెలిసే దారి లేదు. రోల్‌కు అర్హత ముందే తేలిపోయింది కాబట్టి డిపార్ట్‌మెంట్ హెడ్ మళ్లీ చూడాల్సిన అవసరం లేదు. హెచ్ఆర్ రికార్డు చేస్తే చాలు. మిగిలింది మేనేజర్, ఐటీ. ఇద్దరూ ఒకేసారి చూస్తారు. ఐటీకి మూడు పనిదినాలు, మేనేజర్‌కు ఐదు.

ఐదు రోజుల్లో మేనేజర్ జవాబివ్వకపోతే ఏంటి? దీని మీద మాలో మేం గట్టిగానే వాదించుకున్నాం. ‘జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే’ అని పెడదామని కొందరన్నారు. వినడానికి బాగుంది. కానీ అలా వచ్చిన అనుమతిని మేనేజర్ తనది అనుకోరు. రెండో వారంలోనే ‘రేపు ఆఫీసుకు రండి’ అంటారు. అందుకని ఆరో రోజు ఉదయం దరఖాస్తు దానంతటదే మేనేజర్ పైఅధికారికి వెళ్లేలా పెట్టాం. ఆయనకు మూడు రోజులు. అంటే ఎంత ఆలస్యమైనా తొమ్మిదో పనిదినం నాటికి ఎవరో ఒకరు పేరు పెట్టి అవును అనో కాదు అనో చెప్పి తీరాలి.

కాదనేటప్పుడు కారణం చెప్పాలి, అదీ మేం ఇచ్చిన ఐదింట్లోంచే: అడిగిన రోజుల్లో ఆఫీసులో చేయాల్సిన పని ఉంది, ఆ రోజు టీమ్‌లో ఉండాల్సిన కనీస సంఖ్య తగ్గుతుంది, సమాచార భద్రత, నెట్ లేదా చోటు షరతుకు సరిపోలేదు, మూడు నెలలు నిండలేదు. వీటిలో ఒకటి ఎంచుకుని, దాని కింద ఈ కేసుకే సంబంధించిన ఒక వాక్యం రాయాలి. కారణాల జాబితాను మూసి ఉంచాలన్న ఆలోచన బ్రిటన్ చట్టం నుంచి తీసుకున్నాం. అక్కడ పని ఏర్పాట్లలో వెసులుబాటు కోరిన అభ్యర్థనను యజమాని చట్టంలో ఉన్న ఎనిమిది వ్యాపార కారణాల్లో దేనివల్లనైనా మాత్రమే తిరస్కరించగలడు. 2024 ఏప్రిల్ 6 నుంచి అప్పీలుతో సహా రెండు నెలల్లో తేల్చాలి కూడా. ‘టీమ్ స్ఫూర్తి’, ‘ఇప్పుడు సమయం కాదు’ లాంటివి మా జాబితాలో లేవు. అవి అబద్ధాలు కావు. కానీ వాటిని సరిచేసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టడం ఎవరివల్లా కాదు.

కాదన్నవాళ్లు పది పనిదినాల్లో అప్పీలు చేసుకోవచ్చు. దాన్ని హెచ్ఆర్‌తో పాటు వేరే డిపార్ట్‌మెంట్ హెడ్ ఒకరు చూస్తారు. అనుమతి వచ్చినవాళ్లకు మొదటి ఎనిమిది వారాలు ట్రయల్. తర్వాత వెనక్కి తీసుకోవాలంటే మేనేజర్ రెండు వారాల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఉద్యోగుల జీవితం ఆ రెండు రోజుల చుట్టూ అల్లుకుపోతుంది, రాత్రికి రాత్రి మార్చుకోమనడం న్యాయం కాదు.

పరికరాలు: ఏం ఇస్తాం, ఎవరివి, పాడైతే ఎవరు చూస్తారు

మొదటి ప్రకటనలో పరికరాల గురించి ఒక్క లైనే ఉంది: ‘అవసరమైన సహకారం అందించబడుతుంది.’ ఆ శుక్రవారం సాయంత్రమే ఒకాయన తన డెస్కు మీది మానిటర్ విప్పి ఇంటికి తీసుకెళ్లారు. సెక్యూరిటీ రిజిస్టర్‌లో పేరు రాసి సంతకం కూడా పెట్టారు, ఆయన వైపు తప్పేం లేదు. ఆపినప్పుడు తిరిగి తెస్తే స్క్రీన్ మూలన గీత పడి ఉంది. అది ముందే ఉందా, దారిలో పడిందా? తేల్చే కాగితం మా దగ్గర లేదు.

రెండోసారి ప్రకటించేముందు మూడు విషయాలు తేల్చుకున్నాం. మొదటిది, ఏం ఇస్తాం. అందరికీ లాప్‌టాప్, హెడ్‌సెట్, విడి కీబోర్డు, మౌస్, లాప్‌టాప్ స్టాండ్. కీబోర్డు, స్టాండ్ ఎందుకని ఫైనాన్స్ వాళ్లు అడిగారు. లాప్‌టాప్‌లో స్క్రీనూ కీబోర్డూ అతుక్కుని ఉంటాయి. స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తుకు రావాలంటే చేతులు గాల్లోకి లేస్తాయి, చేతులు మోచేతి ఎత్తుకు రావాలంటే మెడ వంగుతుంది. రెండూ కుదరాలంటే ఒకదాన్ని విడదీయాల్సిందే. ఫైనాన్స్ హెడ్‌ను వాళ్ల టేబుల్ దగ్గరే లాప్‌టాప్ మీద పదిహేను నిమిషాలు పనిచేయమని అడిగాను. ఆ తర్వాత ఆ రెండు వస్తువుల గురించి ప్రశ్న రాలేదు.

మానిటర్లు మాత్రం స్టాక్‌లో 60 ఉన్నాయి. ఆ సంగతి దాచకుండా ప్రకటనలోనే రాశాం: మొదటి విడతలో 60, రెండు స్క్రీన్లు తప్పనిసరైన రోల్‌లకు ముందు, మిగతావాళ్లకు దరఖాస్తు తేదీ వరుసలో. కుర్చీలు ఇవ్వలేమని కూడా రాశాం. ఇవ్వలేమన్న మాట ప్రకటనలో ఉండటం ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ అది రాయకపోతే ఇస్తారేమో అని ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

రెండోది, ఎవరివి. అన్నీ సంస్థవే. సొంత లాప్‌టాప్‌తో పని కుదరదు. సంస్థ లాప్‌టాప్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, పోయినా లోపలి సమాచారం చదవలేరు. సొంతదానికి ఆ హామీ మేం ఇవ్వలేం. ఇచ్చేటప్పుడు ఒక పేజీ ఫారం: వస్తువు, సీరియల్ నంబరు, ఛార్జర్ ఉందా, ఇప్పటికే ఉన్న గీతలు, ఇద్దరి ముందూ తీసిన రెండు ఫొటోలు. మూడోది, పాడైతే. 2002లో యూరప్ యాజమాన్య, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న టెలీవర్క్ ఒప్పందంలో, పరికరాలు సమకూర్చడం, బిగించడం, నిర్వహించడం మామూలుగా యజమాని బాధ్యతేనని ఉంది. మేమూ అదే సూత్రం పెట్టుకున్నాం. లాప్‌టాప్ ఆగిపోతే ఐటీకి ఫోన్ చేయాలి, ఆ రోజు పనిచేసిన రోజుగానే లెక్క, సెలవు కోయం. రెండు పనిదినాల్లో బదులు లాప్‌టాప్ ఇస్తాం, అప్పటిదాకా ఆఫీసులో స్పేర్ సిస్టమ్ ఉంటుంది. పోతే గానీ, ఎవరైనా ఎత్తుకెళ్తే గానీ తెలిసిన వెంటనే చెప్పాలి. వెంటనే చెప్పినవాళ్ల మీద చర్య ఉండదని కూడా రాశాం. భయంతో ఒక రాత్రి ఆగితే ఆ రాత్రే నష్టం జరుగుతుంది.

వీటన్నింటినీ అనుమతితో ముడిపెట్టే వాక్యం ఒకటి ఉంది. దాన్ని ఐటీ వాళ్లే సూచించారు: ‘ఇంటి నుంచి పని మొదలయ్యేది అనుమతి వచ్చిన రోజు నుంచి కాదు, కిట్ మీ చేతికి అందిన మర్నాటి నుంచి.’ ఇది లేకపోతే అనుమతి తీసుకుని కిట్ రాక, సొంత లాప్‌టాప్‌లో పని మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు.

రెండో ప్రకటన

ఈసారి మెయిల్ చివరి మెట్టు మాత్రమే. మంగళవారం ప్రకటన అనుకుంటే, అంతకుముందు గురువారం మేనేజర్లందరితో ఒక గంట కూర్చున్నాం. పాలసీ చదివి వినిపించలేదు. ఒక్కొక్కరికీ వాళ్ల టీమ్‌లోని రోల్‌ల పట్టిక ఇచ్చి, మూడు కల్పిత దరఖాస్తులు ఇచ్చి నిర్ణయించమన్నాం. వాటిలో ఒకదానికి సగం మంది అవునన్నారు, సగం మంది కాదన్నారు. ఒకే రోజు టీమ్‌లో నలుగురు ఇంటి నుంచి కావాలన్న దరఖాస్తు అది. ‘కనీస సంఖ్య’ అంటే ఎంతో మేం రాయలేదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే ఒక్కో టీమ్‌కు ఆ సంఖ్య రాసి పట్టికలో చేర్చాం. ఈ గంట పెట్టకపోతే ఆ లోపం మంగళవారం 320 మంది ముందు బయటపడేది.

సోమవారం డిస్పాచ్, ఫ్రంట్ డెస్క్ వాళ్లతో వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్, నేను నేరుగా మాట్లాడాం. కస్టమర్ కాల్స్ వాళ్లతో విడిగా మాట్లాడాం. మెయిల్‌లో తమకు లేదన్న సంగతి చదివేముందే మనిషి నోటి నుంచి వినాలి. డిస్పాచ్ వాళ్లు ఒక విషయం అడిగారు: షిఫ్టుల మార్పిడి తమలో తాము చేసుకునే వీలు. అది ఇంటి నుంచి పనికి బదులు కాదని వాళ్లకూ తెలుసు. దాన్ని ఈ ప్రకటనలో కలపలేదు. వేరుగా తేల్చి చెబుతామని తేదీ ఇచ్చాం, ఆ తేదీకి తేల్చాం.

మంగళవారం ఉదయం 10:30కి మెయిల్ వెళ్లింది. శుక్రవారం సాయంత్రం పంపితే ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు రెండు రోజులు ఉండరు, పుకార్లు మాత్రం ఉంటాయి. మెయిల్‌లో ముఖ్యభాగం ఇది:

‘వచ్చే నెల 1 నుంచి మన సంస్థలో ఇంటి నుంచి పనిచేసే పాలసీ మొదలవుతోంది. ఇది మీకు వర్తిస్తుందో లేదో తెలుసుకోవడానికి జతచేసిన పట్టికలో మీ రోల్ చూడండి. ప్రతి రోల్ ఎదురుగా వారానికి రెండు రోజులు, ఒక రోజు, ప్రస్తుతం లేదు, వర్తించదు అనే నాలుగింటిలో ఒకటి ఉంటుంది, దాని పక్కన కారణం ఉంటుంది. మీ రోల్ కనబడకపోతే అది మా పొరపాటు, ఈ రోజే చెప్పండి.

మీకు వర్తిస్తే: ఫారం నింపండి. కారణం రాయాల్సిన అవసరం లేదు. మీ మేనేజర్ ఐదు పనిదినాల్లో జవాబిస్తారు. ఇవ్వకపోతే ఆరో రోజు అది వారి పైఅధికారికి వెళ్తుంది. కాదంటే కారణం రాతపూర్వకంగా వస్తుంది, పది పనిదినాల్లో అప్పీలు చేసుకోవచ్చు.

అనుమతి వచ్చాక లాప్‌టాప్, హెడ్‌సెట్, కీబోర్డు, మౌస్, స్టాండ్ ఇస్తాం. మానిటర్లు మొదటి విడతలో 60 ఉన్నాయి. కుర్చీలు, బల్లలు ఇవ్వలేకపోతున్నాం. కిట్ అందిన మర్నాటి నుంచి మీరు ఇంటి నుంచి పని మొదలుపెట్టవచ్చు.

దరఖాస్తు పెట్టకపోవడం వల్ల గానీ, పెట్టడం వల్ల గానీ ఎవరి ప్రమోషన్, రేటింగ్ మారవు. ఈ రోజు, రేపు మధ్యాహ్నం 3 నుంచి 4 వరకు రెండో అంతస్తు మీటింగ్ రూమ్‌లో నేను ఉంటాను, వచ్చి అడగండి.’

ఇదంతా ఒక స్క్రీన్‌లో పట్టింది. పూర్తి పాలసీ విడిగా ఉంది, కావలసినవాళ్లు చదివారు.

ఎలా నడిచిందో ఒక దరఖాస్తు వెంట వెళ్లి చూద్దాం. ముందు చెప్పిన బిల్లుల ఆయన మొదటి సోమవారం ఫారం పెట్టారు, బుధ, శుక్రవారాలు కోరారు. ఐటీ మరుసటి రోజు స్పీడ్ టెస్ట్ చూసి ఒకటి సరిపోలేదంది, అప్‌లోడ్ రెండే వచ్చింది. రౌటర్ పక్క గదిలో ఉందని, వైర్‌తో కలిపి మళ్లీ టెస్ట్ చేస్తే తొమ్మిది వచ్చింది. గురువారానికి ఐటీ పని అయిపోయింది. ఆయన మేనేజర్ ఆ వారం సెలవులో ఉన్నారు. ఆరో పనిదినమైన తర్వాతి సోమవారం ఉదయం దరఖాస్తు పైఅధికారికి వెళ్లింది, ఆవిడ మంగళవారం అనుమతించారు. శుక్రవారం కిట్ అందింది. తర్వాతి బుధవారం ఆయన ఇంటి నుంచి పనిచేశారు. మొదటి సోమవారం నుంచి లెక్కేస్తే పదహారు రోజులు. దరఖాస్తు ఎక్కడ ఉందో ఏ రోజైనా ఆయనకు తెలుసు, ఒక్కసారి కూడా నాకు ఫోన్ చేయలేదు.

మొదటి వారంలో వచ్చిన ప్రశ్నలు 31. ‘నాకు వర్తిస్తుందా’ అన్నవి ఆరు, అందులో రెండు నిజంగానే మా పట్టికలో పేరు తప్పిపోయిన రోల్‌లు. మిగతావి ఎక్కువగా మానిటర్ల గురించి. అర్హత ఉన్న 212 మందిలో 171 మంది దరఖాస్తు పెట్టారు. 162 మందికి అనుమతి వచ్చింది. తొమ్మిది మందికి రాలేదు, నలుగురు అప్పీలు చేశారు, ఒకరి విషయంలో నిర్ణయం మార్చాం. మేనేజర్ ‘ఆఫీసులో చేయాల్సిన పని’ అని రాసిన ఆ పని, పట్టికలో ఆ రోల్ కింద లేనే లేదు.

సరిగ్గా కుదరనివీ ఉన్నాయి. రెండో నెలకు సోమ, శుక్రవారాల్లోనే ఎక్కువమంది ఇంట్లో ఉన్నారు, కొన్ని టీమ్‌లు వారంలో ఒక్కరోజు కూడా పూర్తిగా కలవడం లేదు. టీమ్ మొత్తం వచ్చే ఒక రోజు పెట్టుకొమ్మన్నాం, అది ముందే ప్రకటనలో ఉండాల్సింది. ప్రమోషన్ మారదన్న వాక్యాన్ని రాయడం సులువు, నిజమని చూపడానికి ఒక ఏడాది రేటింగ్‌లు కావాలి, అవి ఇంకా రాలేదు. కుర్చీ విషయంలో నడుం నొప్పి ఫిర్యాదులు మూడు వచ్చాక, ఆఫీసులో వాడకుండా ఉన్న కుర్చీలను అదే ఫారంతో ఇంటికి ఇవ్వడం మొదలుపెట్టాం.

పట్టికను ఆరు నెలలకోసారి మళ్లీ చూస్తామని రాశాం. మొన్న చూసినప్పుడు కస్టమర్ కాల్స్ క్లయింట్ వారానికి ఒక రోజుకు ఒప్పుకున్నారు, కాల్స్ రికార్డింగ్ మా సర్వర్‌లోనే ఉండాలన్న షరతుతో. ఆ 46 మందికి వెళ్లాల్సిన మెయిల్ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. వాళ్ల మేనేజర్లతో గురువారం కూర్చుంటున్నాం.